500లో 499 కొట్టినా ఏ గ్రేడే ఎందుకొస్తుంది: ఓసులో టైమింగ్ లెక్క

రిథమ్ గేమ్ ఆడేవాళ్ళలో చాలామందికి ఒక అనుమానం ఉంటుంది, "కరెక్ట్‌గానే కొట్టాను కదా, 100 ఎందుకిచ్చింది" అని. ఆటకి మాత్రం కరెక్టు, తప్పు అనే రెండు గదులు ఉండవు. దానికి తెలిసేది ఒకే ఒక్క అంకె, నోటు పాటలో ఏ మిల్లీసెకను దగ్గర ఉందో అది, కీ ఏ మిల్లీసెకను దగ్గర పడిందో అది, ఈ రెండిటికీ మధ్య తేడా. తేడా మైనస్‌లో ఉంటే ముందే కొట్టినట్టు, ప్లస్‌లో ఉంటే లేటుగా కొట్టినట్టు. ఆ తర్వాత స్క్రీన్ మీద కనిపించేవన్నీ, అంటే 300, 100, అక్యురసీ శాతం, గ్రేడు, కాంబో, స్కోరు, అన్నీ ఆ ఒక్క అంకె నుంచి పుట్టినవే.

ఇది ఒక్కో ఆటలో ఒక్కోలా ఉంటుంది గానీ లెక్క పూర్తిగా బయటికి తెలిసిన ఆట కావాలంటే ఓసు బెస్టు. 2007లో వచ్చిన ఈ ఆటలో (ఇక్కడ మాట్లాడేది సర్కిల్స్ మీద కర్సర్ పెట్టి కొట్టే మామూలు మోడ్ గురించే) ప్రతి మ్యాప్‌కీ, అంటే ఒక పాటకి పేర్చిన నోట్ల వరసకి, ఓవరాల్ డిఫికల్టీ అని ఒక విలువ ఉంటుంది, అందరూ ఓడీ అంటారు, 0 నుంచి 10 దాకా. నోటుకి 300, 100, 50 పాయింట్లు రావడానికి ఎంత తేడా ఒప్పుకోవాలో, అంటే టైమింగ్ విండో ఎంత వెడల్పు ఉండాలో, అదే తేలుస్తుంది:

```
300: ±(80 − 6 × OD) ms
100: ±(140 − 8 × OD) ms
 50: ±(200 − 10 × OD) ms
```

ఓడీ 8 మ్యాప్ తీసుకుంటే 300కి అటూ ఇటూ 32 మిల్లీసెకన్లు, 100కి 76, 50కి 120. అదే ఓడీ 10కి వెళ్తే 20, 60, 100. ఓడీ పెరిగితే మూడు విండోలూ ఇరుకవుతాయి కానీ ఒకే నిష్పత్తిలో కాదు, ఓడీ 5 నుంచి 10కి వెళ్తే 300 విండో 50 నుంచి 20కి పడిపోతుంది, 50 విండో మాత్రం 150 నుంచి 100కే తగ్గుతుంది. అంటే ఓడీ ఎక్కువున్న మ్యాప్‌లో మిస్సులు అంతగా పెరగవు, 100లే కుప్పలుగా పడతాయి. హై ఓడీ అంటే భయపడేవాళ్ళు అసలు భయపడాల్సింది అక్యురసీ గురించే, కాంబో గురించి అంత కాదు.

స్పీడ్ మోడ్లు వేసినప్పుడు ఇదింకా తమాషాగా ఉంటుంది. డబుల్ టైమ్ పెడితే పాట ఒకటిన్నర రెట్లు వేగంగా నడుస్తుంది, విండోలు మాత్రం పాట లోపలి టైములోనే లెక్కిస్తారు, కాబట్టి బయట మన గడియారంలో ఆ 32 మిల్లీసెకన్లు కాస్తా 21 చిల్లర అయిపోతాయి, అంటే ఓడీ 8 మ్యాప్ ఆడుతున్నాం అనుకుంటాం గానీ నిజానికి ఆడేది దాదాపు ఓడీ 9.8. మ్యాప్ పేజీలో ఉన్న ఓడీ చూసి "ఇంత తేలికైన దాంట్లో ఇన్ని 100లేంటి" అని బుర్ర గోక్కునే వాళ్ళకి జవాబు ఇదే.

ఇప్పుడు గీత దగ్గర ఏం జరుగుతుందో చూద్దాం. ఓడీ 8లో 31 మిల్లీసెకన్లు లేటుగా కొట్టినా 300, సరిగ్గా 0 దగ్గర కొట్టినా 300, 33 దగ్గర కొడితే మాత్రం 100, అంటే విలువ ఒక్కసారిగా మూడో వంతుకి పడిపోతుంది. 35 వస్తే పాసు, 34 వస్తే ఫెయిలు అన్నట్టే ఉంటుంది వ్యవహారం. కాబట్టి అక్యురసీ అనేది ఎంత కచ్చితంగా కొట్టారో కొలిచే స్కేలు కాదు, ఎన్నిసార్లు గీత దాటారో లెక్కపెట్టే స్కేలు. కొన్ని ఆటలు దీన్ని ఒప్పుకోవు, ఎటర్నా అనే పీసీ కీబోర్డ్ ఆటలో తేడా పెరిగేకొద్దీ పాయింట్లు వంపుగా తగ్గుకుంటూ పోతాయి, అక్కడ 10కీ 30కీ తేడా తెలుస్తుంది. బీట్‌మేనియా టూడీఎక్స్ ఇంకో దారి పట్టింది, బాగా ఇరుకైన పీగ్రేట్ విండోలో పడితే 2 పాయింట్లు, గ్రేట్ అయితే 1, మిగతావాటికి సున్నా, అంతే ఈఎక్స్ స్కోరు. ఓసు మాత్రం 300, 100, 50 అనే మెట్ల దగ్గరే ఉండిపోయింది.

విండోలు వెడల్పుగా ఉంటే ఇంకో ఇబ్బంది ఉంది, అది స్ట్రీముల్లో బయటపడుతుంది. 180 బీపీఎం పాటలో బీటుకి నాలుగు నోట్లు వరసగా వస్తే నోటుకీ నోటుకీ మధ్య 83 మిల్లీసెకన్లు. ఓడీ 8లో 50 విండో అటూ ఇటూ 120, అంటే ఒక నోటు విండో ఇంకా మూసుకోకముందే పక్క నోటు రానే వచ్చేస్తుంది, ఆ నోటు విండో ఎప్పుడో తెరుచుకుని ఉంటుంది. ఒక్క ప్రెస్ పడితే అది ఏ నోటుకి రాయాలి? పాత క్లయింట్‌లో (దాన్ని స్టేబుల్ అంటారు) రూలు ఏంటంటే ముందున్న నోటు తేలకుండా వెనక నోటు ముట్టుకోనివ్వదు, సర్కిల్ కాస్త వణికి ఊరుకుంటుంది. దీన్నే నోట్‌లాక్ అంటారు. ఒక నోటు తప్పిపోతే దాని విండో పూర్తిగా మూసుకునేదాకా తర్వాతి ప్రెస్ వృథా, ఆ వృథా వల్ల తర్వాతి నోటు కూడా లేటు, అలా ఒక్క తప్పుకి మూడు నాలుగు మిస్సులు గొలుసులా పడతాయి. కొత్త క్లయింట్ లేజర్‌లో దీన్ని సడలించారు, ముందు నోటు టైము దాటిపోయాక వెనక నోటు కొడితే ముందుదాన్ని మిస్సు కింద రాసేసి వెనకదాన్ని లెక్కలోకి తీసుకుంటుంది. రీప్లే చూస్తే ఇట్టే పట్టేయొచ్చు, ప్రెస్ పడుతుంది, కర్సర్ సర్కిల్ మీదే ఉంటుంది, సర్కిల్ మాత్రం వణుకుతుంది, అంటే వేలు తప్పు కాదు, దాని ముందు నోటు తప్పు.

ఇక అక్యురసీ. ఫార్ములా చాలా సింపుల్:

```
accuracy = (300×n300 + 100×n100 + 50×n50) / (300 × total)
```

వచ్చిన పాయింట్లు పైన, అన్నీ 300లే అయితే రావాల్సినవి కింద. ఇందులో కాంబోకి చోటు లేదు, మిస్సు అంటే సున్నా, అంతే. ఒక 100 పడితే ఆ నోటులో మూడింట రెండు వంతులు పోయినట్టు, మిస్సు పడితే పూర్తిగా పోయినట్టు. అంటే అక్యురసీ లెక్కలో మూడు 100లు రెండు మిస్సులతో సమానం, ఇది చాలామంది నమ్మరు కానీ నిజం.

ఒక ఉదాహరణ లెక్క వేద్దాం. 500 సర్కిల్స్ ఉన్న మ్యాప్, స్లైడర్లు, అంటే నొక్కి పట్టుకుని దారి వెంట లాగాల్సిన నోట్లు, లేవు, ఓడీ 8. ఆటగాడు ఒక్కటి కూడా మిస్ చెయ్యడు అనుకుందాం, కానీ చేతులు మెషీన్లు కావు కాబట్టి ప్రెస్సులు 0 చుట్టూ చెదిరి ఉంటాయి. ఆ చెదురుని ఓసు అన్‌స్టేబుల్ రేట్ అని చూపిస్తుంది, యూఆర్ అంటారు, తేడాలన్నిటి స్టాండర్డ్ డీవియేషన్‌ని పదితో గుణిస్తే వచ్చేదే అది. యూఆర్ 150 అంటే చెదురు 15 మిల్లీసెకన్లు. చెదురు మామూలు గంట ఆకారంలో ఉంటుంది అనుకుంటే, 32 గీత దాటేవి దాదాపు 3.3 శాతం, అంటే 500లో ఒక 16. అక్యురసీ 97.9 దగ్గర ఆగుతుంది. బాగానే ఉంది.

అదే ఆటగాడు, అవే చేతులు, అదే 15 చెదురు, కాకపోతే హెడ్‌ఫోన్ మార్చాడు, ఇప్పుడు శబ్దం చెవికి 15 మిల్లీసెకన్లు లేటుగా వస్తోంది, చెవిని నమ్మి కొడతాడు కాబట్టి ప్రెస్సులన్నీ సగటున 15 లేటు. ముందువైపు బోలెడు జాగా మిగిలిపోయింది, లేటువైపు మాత్రం 17 మిల్లీసెకన్లే ఉంది. లెక్క వేస్తే దాదాపు 13 శాతం గీత దాటతాయి, 500లో 65 నోట్లకి 100లు, అక్యురసీ 91.3కి పడిపోతుంది, గ్రేడు ఎస్ నుంచి ఏకి దిగుతుంది. ఆడే తీరులో ఏ మార్పూ లేదు, ఒక్క మిస్సు కూడా లేదు. బ్లూటూత్ హెడ్‌సెట్లలో ఈ ఆలస్యం 15 దగ్గర ఆగదు, 100 దాటడం కూడా మామూలే, అప్పుడైతే 100 విండో కూడా దాటిపోయి 50లూ మిస్సులూ మొదలవుతాయి, అందుకే రిథమ్ గేమ్ ఆడేవాళ్ళు వైర్ హెడ్‌ఫోన్ వదలరు.

ఇక్కడ గమనించాల్సింది, రెండు సార్లూ యూఆర్ 150యే. యూఆర్ చెదురుని మాత్రమే చూస్తుంది, సగటు ఎటు జరిగిందో దానికి పట్టదు. కాబట్టి తప్పు చేతిదా సెటప్‌దా అని తేల్చడానికి ఈ రెండు అంకెలూ పక్కపక్కన పెట్టుకుంటే చాలు. యూఆర్ ఎప్పుడూ ఉన్నట్టే ఉండి అక్యురసీ పడిపోయి, ప్రతి ప్రెస్ ఎంత ముందో ఎంత లేటో చూపించే ఎర్రర్ బార్ కింద ఉంటుంది, దాని మీద గీతలన్నీ ఒకే పక్కకి గుంపు కట్టాయంటే అది ఆఫ్‌సెట్ సమస్య, అంటే పాట శబ్దానికీ నోట్లకీ మధ్య పెట్టుకునే సర్దుబాటు తప్పినట్టు. గీతలు రెండు పక్కలా పరుచుకుని యూఆర్ పెరిగిందంటే అది అలసటో, బీట్ అర్థం కాకపోవడమో, ఆఫ్‌సెట్‌తో ఎంత కుస్తీ పట్టినా బాగుపడదు. ఒక్కోసారి ఆ ఒక్క మ్యాప్‌నే ఎవరో టైమింగ్ సరిగ్గా పెట్టకుండా అప్‌లోడ్ చేసి ఉంటారు, మిగతా మ్యాప్స్‌లో సున్నా దగ్గరున్న సగటు ఇందులో మాత్రమే జరిగితే అదే కారణం, అప్పుడు మార్చాల్సింది ఆ మ్యాప్ లోకల్ ఆఫ్‌సెట్‌నే, మొత్తం గేమ్ ఆఫ్‌సెట్ ముట్టుకుంటే మిగతా మ్యాప్స్ అన్నీ పాడవుతాయి. లేజర్‌లో అయితే ఆడిన ఆట సగటు తేడా చూసి దాన్నిబట్టి సరిచేసే బటనే ఉంది, స్టేబుల్‌లో ప్లస్, మైనస్ కీలతో చేత్తో జరుపుకోవాలి.

(యూఆర్ గురించి ఒక చిన్న మెలిక, స్టేబుల్‌లో డబుల్ టైమ్ వేసినప్పుడు కనిపించే యూఆర్ పాట టైములో ఉంటుంది, దాన్ని ఒకటిన్నరతో భాగిస్తేనే అసలు చేతి చెదురు. ఇది తెలియక డబుల్ టైమ్‌లో చేతులు పాడైపోయాయి అనుకునేవాళ్ళు ఉన్నారు.)

మరి అదే చేతులతో, ఆఫ్‌సెట్ సరిగ్గా పెట్టుకుని, ఓడీ 10 మ్యాప్ ఆడితే? గీత ఇప్పుడు 20 దగ్గరుంది, చెదురు 15. దాటేవి 18 శాతం, అంటే 91 నోట్లకి 100లు, అక్యురసీ 87.9. సెటప్‌లో లోపం లేదు, అయినా ఇందాకటి ఆఫ్‌సెట్ కేసు కంటే ఘోరంగా ఉంది. ఇక్కడ పెరగాలంటే చెదురు 10కి రావాలి, అప్పుడు దాటేవి 4.6 శాతానికి తగ్గుతాయి. 5 మిల్లీసెకన్ల మెరుగుకి 18 నుంచి 4.6, గంట ఆకారం అంచుల్లో అంత నిటారుగా దిగుతుంది కాబట్టి. అందుకే అక్యురసీ చాన్నాళ్ళు కదలకుండా ఉండి తర్వాత ఉన్నట్టుండి లేచినట్టు అనిపిస్తుంది, చేతులు నిదానంగానే బాగుపడుతుంటాయి, గీత దగ్గర లెక్కే అలా ఎగురుతుంది.

ఇప్పటిదాకా స్లైడర్లు లేవనుకున్నాం, నిజం మ్యాపుల్లో అవి చాలానే ఉంటాయి. స్టేబుల్‌లో స్లైడర్‌కి రూలు వేరే, తలని 50 విండోలో ఎక్కడ కొట్టినా సరే, తర్వాత మధ్యలో వచ్చే టిక్కులు, చివర, అన్నీ పట్టుకుంటే 300 ఇచ్చేస్తుంది. అంటే ఓడీ 8లో 100 మిల్లీసెకన్లు లేటుగా తల కొట్టినా పర్లేదు. పైన ఆఫ్‌సెట్ తప్పిన ఆటగాడినే తీసుకుని 200 సర్కిల్స్, 300 స్లైడర్లు ఉన్న మ్యాప్ ఇద్దాం, వందలు పడేది సర్కిల్స్ మీదే కాబట్టి 26 వస్తాయి, అక్యురసీ 96.5. అదే ఆలస్యం, అవే చేతులు, 91 కాస్తా 96 అయింది. స్లైడర్ మ్యాపులు ఆడి "నా అక్యురసీ 98" అనేవాళ్ళని, స్ట్రీమ్ మ్యాపులు ఆడి 95 తెచ్చుకునేవాళ్ళని ఒకే గాటన కట్టకూడదు అనేది అందుకే. లేజర్‌లో స్లైడర్ తలని కూడా సర్కిల్‌లాగే టైమింగ్ చూసి జడ్జ్ చేస్తారు, స్టేబుల్ నుంచి మారినవాళ్ళకి మొదట్లో అక్యురసీ తగ్గినట్టు అనిపించడానికి ఇదొక పెద్ద కారణం, న్యాయం మాత్రం లేజర్ పక్షానే ఉంది.

కాంబో దగ్గరికి వస్తే రూలు ఒక్క లైనే, పట్టిన ప్రతిదానికీ ఒకటి పెరుగుతుంది, మిస్సయితే సున్నా. 300కీ 50కీ కాంబో తేడా చూడదు. కానీ స్లైడర్ ఇక్కడ కూడా తిరకాసు పెడుతుంది, స్టేబుల్‌లో స్లైడర్ తల తప్పినా, మధ్యలో టిక్కు జారినా కాంబో తెగుతుంది, కానీ మిగతాది పట్టుకుంటే స్లైడర్‌కి 100 వస్తుంది, మిస్సు కింద రాయదు. ఆట అయ్యాక మిస్సులు 0 అని చూపిస్తుంది, కాంబో చూస్తే సగమే ఉంటుంది. దీన్ని స్లైడర్‌బ్రేక్ అంటారు, 100ల గుంపులో కలిసిపోతుంది కాబట్టి రిజల్ట్ స్క్రీన్‌లో వెతికినా దొరకదు, రీప్లేలో కాంబో అంకె ఎక్కడ సున్నా అయిందో చూసుకోవాల్సిందే. స్లైడర్ చివర ఒక్కటే వదిలేస్తే మాత్రం కాంబో తెగదు, ఆ ఒక్క పాయింటు పెరగదు, అంతే.

కాంబో నిజంగా బరువెక్కేది స్కోరులో. స్టేబుల్ పాత స్కోరింగ్‌లో ఒక్కో నోటుకి ఇచ్చేది ఇలా ఉంటుంది, ఇక్కడ కాంబో అంటే ఆ నోటు కొట్టడానికి ముందున్న కాంబో:

```
score = hit + hit × max(combo − 1, 0) × difficulty × mods / 25
```

500వ నోటు 10వ నోటు కంటే దాదాపు అరవై రెట్ల బోనస్ ఇస్తుంది అన్నమాట. ఇప్పుడు ఇద్దరు ఆటగాళ్ళని పక్కపక్కన పెడదాం, అదే 500 సర్కిల్స్ మ్యాప్. మొదటివాడికి 480 నోట్లకి 300, 20 నోట్లకి 100, మిస్సు లేదు, అక్యురసీ 97.33. రెండోవాడికి 499 నోట్లకి 300, సరిగ్గా 251వ నోటు దగ్గర ఒక్క మిస్సు, అక్యురసీ 99.8. చేతులు ఎవరివి బాగున్నాయంటే రెండోవాడివే, సందేహమే లేదు. కానీ ఆ (కాంబో − 1) అనే గుణకాలన్నీ కూడితే ఫుల్ కాంబోకి 1,24,251 వస్తుంది, మధ్యలో తెగినవాడికి 61,504 మాత్రమే, సగం కూడా లేదు. మొదటివాడికి ఆ ఇరవై 100ల వల్ల రెండున్నర శాతం చిల్లర పోయినా స్కోరులో దాదాపు రెట్టింపు ఉంటాడు.

ఇంకో విడ్డూరం, అదే మిస్సు 251 దగ్గర కాకుండా మొట్టమొదటి నోటు దగ్గరో, చిట్టచివరి నోటు దగ్గరో పడితే ఆ మొత్తం 1,23,753, నష్టం అర శాతం కూడా లేదు. మిస్సు ఒకటే, తప్పు ఒకటే, పడిన చోటుని బట్టి శిక్ష సున్నా నుంచి సగం దాకా మారుతుంది. ఇది నైపుణ్యం కొలవడం కాదు, ఎంతసేపు తడబడకుండా ఉండగలరు అనేదాన్ని కొలవడం, అదీ పూర్తిగా కాదు, తడబడితే పాట మొదట్లోనో చివర్లోనో తడబడ్డారా అనేది కూడా కలిసిపోయింది.

గ్రేడు విషయంలో స్టేబుల్ అసలు అక్యురసీ శాతమే చూడదు (అన్నీ 300లైతే ఎస్ఎస్, అది ఎలాగూ 100 శాతమే). ఎస్ రావాలంటే 90 శాతం దాటి 300లు ఉండాలి, 50లు 1 శాతం మించకూడదు, మిస్సు ఒక్కటీ ఉండకూడదు. ఏ రావాలంటే మిస్సు లేకుండా 80 శాతం దాటి 300లు, లేదా మిస్సులున్నా 90 దాటి. అందుకే మన 99.8 ఆటగాడికి ఏ, 97.33 ఆటగాడికి ఎస్. ఓడీ 10లో 87.9 తెచ్చుకున్నవాడి కేసు ఇక్కడ ఇంకా నవ్వొస్తుంది, వాడికి 300లు 81.8 శాతం, మిస్సు లేదు, కాబట్టి స్టేబుల్‌లో వాడికీ ఏ గ్రేడే. ఒకే అక్షరం, ఒకరిది 99.8, ఒకరిది 87.9.

లేజర్‌లో గ్రేడు నేరుగా అక్యురసీ మీదే కట్టారు, 95 దాటితే ఎస్, 90కి ఏ, 80కి బీ, 70కి సీ. ఆ లెక్కన 87.9 వాడు బీకి దిగాడు, అది సబబే. కానీ మిస్సు ఉంటే ఎస్ ఇవ్వకూడదు అనే పాత పట్టుదల మాత్రం అలాగే ఉంచారు, కాబట్టి 99.8 వాడు ఇక్కడా ఏ దగ్గరే ఆగిపోతాడు. స్కోరు విషయంలో మాత్రం వాడికి ఊరట దొరికింది, మోడ్లు, బోనసులు పక్కనపెడితే గరిష్ఠం 10 లక్షలు, అందులో సగం కాంబో వైపు, సగం అక్యురసీ వైపు, పైగా కాంబో బలం నేరుగా కాకుండా వర్గమూలం చొప్పున పెరుగుతుంది. ఇందాకటి ఇద్దరినీ దీంట్లో పెడితే మొదటివాడే ముందుంటాడు గానీ రెట్టింపు తేడా లేదు, మధ్యలో ఒక్క మిస్సు పడిందని చిరాకుపడి రీట్రై నొక్కే ముందు కాస్త ఆలోచించే స్థాయికి వచ్చింది.